పెంటికల్లో గుడ్లు లేవంటే కార్జంలో జలగ లేనట్టేనా?

చెరువు నీరు వెనక్కి తగ్గి శిఖంలో పచ్చిక మొలిచిందంటే కాపరికి పండగే. జలగకూ అదే అదను. మన ప్రాంతంలో గొర్రెలకు, పశువులకు పట్టే కార్జపు జలగ ఫాసియోలా జైగాంటికా. ఆకులా పల్చగా, 3 నుంచి 7 సెంటీమీటర్ల పొడవున ఉండి పిత్తనాళాల్లో కాపురం పెడుతుంది. దాని గుడ్లు పేడతో, పెంటికలతో బయటపడి నీళ్లలో పొదుగుతాయి. వాటి నుంచి వచ్చిన పిల్ల ఒక్కరోజులోగా తగిన నత్తలోకి దూరాలి, లేదంటే చస్తుంది.

ఆ నత్త లిమ్నియా జాతిది. పారే కాలువ నడిమధ్యలో కాకుండా నీరు నిలిచి, నాచు పట్టిన చోట్ల వెతకాలి. తూము పక్క గుంటలు, వరి మళ్ల అంచులు, పశువుల నీళ్లతొట్టి పొర్లి మడుగు కట్టిన చోటు దానికి ఇష్టం. గుల్ల పల్చగా ఉంటుంది. మొన పైకి, నోరు మనవైపు ఉండేలా పట్టుకుంటే నోరు కుడిచేతి వైపున ఉంటుంది. చక్రంలా చదునుగా చుట్టుకున్న నత్త వేరు, అది పొట్టజలగలను మోస్తుంది. లిమ్నియా లోపల ఒక్క పిల్ల వందలుగా పెరిగి, నెలన్నర, రెండు నెలలకు బయటికొచ్చి గడ్డి కాడలకు అంటుకుని గట్టి పెంకు కట్టుకుంటుంది. కంటికి ఆనని ఆ చుక్కల్ని గొర్రె గడ్డితోపాటు మింగుతుంది.

పొరపాటు జరిగేది ఇక్కడే. మింగిన పిల్లజలగలు పేగు గోడను తొలుచుకుని కార్జంలోకి చేరి, వారాల తరబడి దాన్ని తింటూ తిరుగుతాయి. పిత్తనాళం చేరి గుడ్లు పెట్టడానికి మూడు నెలలకు పైనే పడుతుంది. అంటే గొర్రె చచ్చిపోయేంత జబ్బులో ఉన్నా పెంటికల్లో గుడ్డు కనపడదు.

ఒక మందను ఊహించండి. డిసెంబరు మొదటి వారం నుంచి శిఖంలో మేసింది. జనవరి చివర్లో రెండు మూడు గొర్రెలు మందలో వెనకబడ్డాయి, మర్నాటికి చచ్చాయి. కోసి చూస్తే పొట్టలో ఎర్రటి నీరు, కార్జం మీద రక్తపు చారలు ఉన్నాయి. పెంటికల పరీక్షలో మాత్రం ఏమీ లేదు. చేతిలో ఉన్న ఆక్సిక్లోజనైడ్ తాగించారు, చావులు ఆగలేదు. ఎనిమిది వారాల వయసు జలగల మీద ఆ మందు సరిగా పనిచేయదు, అది ఎదిగిన వాటినే చంపుతుంది. ఆల్బెండజోల్ కూడా అంతే, పైగా చూడి కట్టిన మొదటి నెలలో దాన్ని వాడకూడదు. ఐవర్‌మెక్టిన్, మామూలు మోతాదులో ఫెన్‌బెండజోల్ పోసినా కార్జపు జలగకు దండగే. ఇక్కడ కావలసింది పిల్లజలగలనూ చంపే ట్రైక్లాబెండజోల్. గొర్రెకు కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు. 30 కిలోల గొర్రెకు 300 మిల్లీగ్రాములు, అంటే 5 శాతం ద్రావణమైతే 6 మిల్లీలీటర్లు. సీసా మీద శాతం చూడకుండా పాత లెక్కన పోయొద్దు. మంద సగటు బరువుకు లెక్క కడితే బరువైన గొర్రెలకు మందు చాలదు. తూచి, బరువును బట్టి రెండు మూడు గుంపులు చేసుకోవాలి. తల మరీ ఎత్తి పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మందు వేసి అదే శిఖానికి తోలితే మళ్లీ మొదటికే. మేపు మార్చడం కుదరకపోతే ఎనిమిది వారాలకు మళ్లీ వేయాల్సి రావచ్చు.

ముదిరిన జబ్బు తీరు వేరు. కనురెప్ప లోపల తెల్లబారుతుంది, ఉన్ని రాలుతుంది, దవడ కింద నీటి సంచి దిగుతుంది. రోజంతా తల వంచి మేసినందున అది సాయంత్రానికి పెద్దదై, తెల్లారేసరికి తగ్గుతుంది. ఆవులు, గేదెల్లో ఒక్కోసారి పాలు తగ్గడం, చిక్కిపోవడం తప్ప ఇంకేమీ కనపడదు. పొట్టలో రక్తం పీల్చే నట్టలున్నా దవడ కింద నీరు దిగుతుంది కాబట్టి ఈ దశలో పరీక్ష చేయించాలి. జలగ గుడ్లు బరువైనవి, ఉప్పునీటిలో తేలవు. అడుక్కి దించి చూసే పద్ధతిలో చేయమని అడగండి. జలగ గుడ్డు పసుపు బంగారు రంగులో, పొట్టజలగది రంగు లేకుండా ఉంటుంది.

ఏడాది లెక్క వేసుకుంటే తొలకరికి ముందు, మే చివర్లో, ఎదిగిన జలగలను చంపే మందు చాలు. గుడ్లు చెరువు చేరకముందే ఆగుతాయి. ఆక్సిక్లోజనైడ్ అయితే గొర్రెకు కిలోకు 15 మిల్లీగ్రాములు, 3.4 శాతం ద్రావణం 30 కిలోల గొర్రెకు సుమారు 13 మిల్లీలీటర్లు. రెండు మూడు రోజులు పెంటికలు జారుగా పడితే కంగారు పడక్కర్లేదు. శిఖంలో మేపు మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాలకు ట్రైక్లాబెండజోల్ వేయాలి. పాలిచ్చే పశువులకైతే పాలు ఎన్నాళ్లు వాడకూడదో పశువైద్యుణ్ని అడిగాకే మందు పోయాలి.

నత్తల మీదికి మైలుతుత్తం చల్లే అలవాటు కొన్నిచోట్ల ఉంది. చేపలు చస్తాయి, పైగా రాగి గొర్రెకే విషం. దానికన్నా తొట్టి చుట్టూ మడుగు లేకుండా మెరక పోయడం, కోత అయిన మళ్లలోకి బాతుల్ని వదలడం నయం. వరిగడ్డి కాడ మొదట్లోనే ఆ పెంకులు ఎక్కువ కాబట్టి, తడి మళ్లలో కాస్త ఎత్తులో కోసి, వామి వేసేముందు బాగా ఎండబెట్టాలి. తడిగా వామి వేసిన గడ్డిలో అవి నెలల తరబడి బతికే ఉంటాయి.