కాటా కదలకపోయినా కొవ్వు కరుగుతుందా?

"ఎనిమిది వారాలుగా తిండి తగ్గించి, వెయిట్లు ఎత్తుతున్నాను. అయినా 71 కిలోల దగ్గరే ఆగిపోయాను. ఇంకా తగ్గించి తినాలా?" అని ఒక పాఠకురాలు అడిగారు. నడుము 90 సెంటీమీటర్ల నుంచి 87కు వచ్చిందని, మొదట్లో 30 కిలోలతో ఎనిమిదిసార్లు చేసిన స్క్వాట్ ఇప్పుడు 40 కిలోలతో ఎనిమిదిసార్లు చేస్తున్నానని కూడా ఉత్తరం చివర్లో రాశారు. అసలు సంగతంతా ఆ చివరి వాక్యంలోనే ఉంది.

ముందు కాటా ఎందుకు కదలలేదో చూద్దాం. ఒంట్లోని కొవ్వు కిలో తగ్గాలంటే దాదాపు 7,700 కేలరీలు ఖర్చు కావాలి. ఆమె రోజుకు 300 కేలరీలు తక్కువ తింటున్నారనుకుంటే, రోజుకు కరిగే కొవ్వు 40 గ్రాములు. ఒంట్లో నీరేమో ఒక్క రోజులోనే కిలో పెరగగలదు, తగ్గగలదు. ఉప్పు ఎక్కువైనా, నెలసరి దగ్గరపడినా అంతే. అంటే 25 రోజుల్లో కరిగిన కొవ్వును ఒక్క రోజు నీరు కప్పేస్తుంది.

వ్యాయామం కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఇంకో లెక్క ఉంది. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే. కండరాలు తమకు కావలసిన ఇంధనాన్ని గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా నిలుస్తుంది. కండరాలకు పని చెబుతున్నకొద్దీ ఈ నిల్వ పెరుగుతుంది. గ్లైకోజెన్ 150 గ్రాములు పెరిగితే నీటితో కలిపి 600 గ్రాముల బరువు చేరినట్టే. అలవాటు లేని వ్యాయామంతో కండలు నొప్పి పుట్టి కాస్త వాస్తాయి, ఆ వాపులోనూ నీరే ఉంటుంది. దీనికి కొత్త కండ కొంచెం తోడవుతుంది. బస్సులో పదిమంది దిగి, వేరే పదిమంది ఎక్కితే మొత్తం సంఖ్య మారదు కదా, కాటా కూడా అలా మొత్తాన్నే చూపిస్తుంది. ఎనిమిది వారాల్లో ఆమెకు రెండు కిలోల పైచిలుకు కొవ్వు పోయి ఉండొచ్చు. దాని స్థానంలో చేరిన దాంట్లో కండ ఎంత, నీరెంత అన్నది ఇంట్లో విడదీసి చెప్పలేం.

గ్లైకోజెన్ నీరు చేరేది ఎక్కువగా కండల్లోకి, నడుము చుట్టూ కాదు. అందుకే టేపు పనికొస్తుంది. కాకపోతే టేపు కూడా తప్పు చెబుతుంది. ఒక వేలి వెడల్పు పైనో కిందో పెడితే చాలు, సెంటీమీటరు తేడా వస్తుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో, నేలకు సమాంతరంగా పట్టాలి. పొట్ట లోపలికి లాగకూడదు, మామూలుగా ఊపిరి వదిలాక చదవాలి. పొద్దున్నే, ఏమీ తినకముందు మూడుసార్లు కొలిచి సగటు రాసుకోవాలి. సెంటీమీటరు తగ్గితే నమ్మడానికి లేదు. మూడు తగ్గితే, అదీ వరుసగా కొన్ని వారాలపాటు దిగుతూ వస్తే, నమ్మవచ్చు. నెలసరి వచ్చే స్త్రీలు ఈ నెల కొలతను పోయిన నెల అదే వారం కొలతతోనే పోల్చాలి. చెమట బెల్టులు కట్టుకుని "రెండు సెంటీమీటర్లు తగ్గింది" అనేవాళ్లు పొట్టను నొక్కి, నీటిని పోగొట్టుకుంటున్నారంతే. కొన్ని గంటల్లో అది తిరిగొస్తుంది.

ఫొటోల గురించి రెండు మాటలు చాలు. నెత్తిమీది లైటు పొట్టమీద నీడలు వేసి సన్నగా చూపిస్తుంది, ఎదురుగా ఉన్న లైటు ఆ నీడలను చెరిపేస్తుంది. అందుకే అదే గోడ, అదే వెలుతురు, అదే బట్టలు ఉండాలి. ఫోన్ బొడ్డు ఎత్తులో, రెండుమూడు మీటర్ల దూరంలో పెట్టి నాలుగు వారాలకోసారి తీస్తే సరిపోతుంది. టేపు చూడని వీపు, తొడలు అందులో కనిపిస్తాయి.

ఇక స్క్వాట్ లెక్క. 30 నుంచి 40 కిలోలకు వచ్చారంటే కండ మూడో వంతు పెరిగిందని కాదు. మొదటి వారాల్లో పెరిగే బలం చాలావరకు నాడీవ్యవస్థది. ఉన్న కండనే ఇంకా బాగా వాడుకోవడం ఒళ్లు నేర్చుకుంటుంది. కాబట్టి ఎత్తిన బరువులు రాసుకునే పుస్తకాన్ని కండ ఎంత పెరిగిందో చెప్పమని అడగకూడదు, కండ పోవడం లేదు కదా అని అడగాలి. అదే లోతు, అదే విశ్రాంతి ఉంటేనే ఆ జవాబుకు విలువ. సగం దాకా కూర్చుని లేచి 40 కిలోలు రాసుకుంటే ఏమీ తెలియదు.

ఆమె ఉత్తరంలో నడుము తగ్గింది, బలం పెరిగింది, బరువు నిలిచింది. ఈ మూడూ కలిసి వచ్చాయంటే కొవ్వు పోతోందనే అర్థం, ఇప్పుడు తిండి ఇంకా తగ్గించనక్కర్లేదు. మరో నాలుగు వారాలు ఇలాగే సాగి, నెలసరిలో అదే వారం కొలిచినప్పుడు నడుము 87 దగ్గరే, బరువు 71 దగ్గరే ఉంటే, అప్పుడు ఖర్చూ తిండీ సమానమయ్యాయన్నమాట. రోజుకు ఓ 150 కేలరీలు తగ్గించి చూడొచ్చు. అలా కాకుండా నడుముతోపాటు స్క్వాట్ కూడా వారం వారం పడిపోతుంటే, తిండి తగ్గించడం కాదు, పెంచాలి. నిద్ర, తినే ప్రొటీన్ సరిపోతున్నాయో లేదో కూడా చూసుకోవాలి.