లిస్టులో పన్నెండు, పనికొచ్చేవి నాలుగు: వార్డు మందుల బీరువాపై అపోహలు - వాస్తవాలు

వార్డు మందుల బీరువా తలుపుకి లోపలివైపు ఒక కాగితం ఉంటుంది. మందు పేరు, ఉన్న సంఖ్య, కనీస నిల్వ, ఎక్స్‌పైరీ, చివర్లో లెక్క చూసిన నర్సు ఇనిషియల్స్. ఇంఛార్జి సిస్టర్‌గా కొత్తవాళ్లకి ఇది నేర్పేటప్పుడు నేను అడ్రినలిన్ 1 మి.గ్రా. ఆంప్యూల్ వరస ఒక్కటే తీసుకుంటాను. లిస్టులో జరగగలిగే తప్పులు దాదాపు అన్నీ ఆ వరసలోనే కనిపిస్తాయి.

అపోహ: అరుదుగా వాడే మందు రెండు మూడు ఉంటే చాలు.

వాస్తవం: రోజూ వాడే మందుకి కనీస నిల్వను వాడకాన్ని బట్టి కడతాం. వాంతులకిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ రోజుకి 6 ఆంప్యూల్స్ అవుతున్నాయి, ఇండెంట్ పెట్టిన మూడో రోజుకి సరుకు వస్తుంది అనుకుందాం. మూడు రోజులకి 18, ఒకరోజు ఆలస్యమైతే ఇంకో 6, మొత్తం 24. నెలకి ఒకటో రెండో వాడే అడ్రినలిన్‌కి ఇదే లెక్క వేస్తే ఒక్క ఆంప్యూల్ కూడా తేలదు. అందుకే అక్కడ వేరే ప్రశ్న వేసుకోవాలి: ఒక్క పేషెంటుకి గుండె ఆగితే ఎన్ని కావాలి? సీపీఆర్ చేస్తున్నంతసేపూ పెద్దవాళ్లకి 3 నుంచి 5 నిమిషాలకోసారి 1 మి.గ్రా. చొప్పున ఇస్తారు. అరగంట సాగిందంటే, మూడు నిమిషాల లెక్కన 10. ఆ వరసలో నేను కనీస నిల్వ 10 అని రాసేది అందుకే. రాత్రిపూట ఫార్మసీ మూసేసే ఆసుపత్రిలో ఇంకా ఎక్కువే ఉంచుకోవాలి.

అపోహ: ఒక మందుకి ఒక ఎక్స్‌పైరీ రాస్తే సరిపోతుంది.

వాస్తవం: నన్ను బాగా భయపెట్టింది ఇదే. గతంలో నేను పనిచేసిన ఒక వార్డులో అడ్రినలిన్ వరస చూడ్డానికి చక్కగా ఉండేది: ఉన్నవి 12, కనీసం 10, ఎక్స్‌పైరీ వచ్చే ఏడాది. ఒకరోజు ఆంప్యూల్స్ అన్నీ ట్రేలో పోసి ఒక్కొక్కటీ చదివాను. వాటిలో 8 ఆ నెలాఖరుతో అయిపోతున్నాయి. వచ్చే ఏడాది తేదీ ఉన్నవి నాలుగే. ఆ నాలుగూ కొత్తగా వచ్చినప్పుడు ఎవరో పాత తేదీ కొట్టేసి కొత్తది రాశారు. నేను చూడకపోయి ఉంటే ఒకటో తారీఖున మా దగ్గర మిగిలేవి నాలుగు ఆంప్యూల్స్, అంటే పన్నెండు నిమిషాల మందు. లిస్టు మాత్రం పన్నెండు ఉన్నాయనే చెబుతుంది.

అప్పటినుంచి ఒకే మందుకి రెండు బ్యాచ్‌లుంటే రెండు లైన్లు రాయిస్తాను: 8, ఈ నెలాఖరు, 4, వచ్చే ఏడాది ఫలానా నెల. కనీస నిల్వతో పోల్చేటప్పుడు మొత్తం సంఖ్యని చూడం, వచ్చే సరుకు చేతికందే రోజుకి ఇంకా గడువు మిగిలి ఉండేవాటినే లెక్కపెడతాం. ఆరోజు ఆ లెక్క 4, కనుక కనీసం 6 కి ఇండెంట్ పెట్టాలి. పెట్టె మీది తేదీని నమ్మొద్దు, విడి ఆంప్యూల్స్‌ని ఖాళీ ఉన్న పెట్టెలో సర్దేయడం మనందరికీ అలవాటే. ఆంప్యూల్ మీది అక్షరాలే చదవాలి. కొత్తగా వచ్చిందాన్ని కళ్లు మూసుకుని వెనక పెట్టడం కూడా సరికాదు. ఒక్కోసారి కొత్త సరుకుకే ముందు గడువు ఉంటుంది, అప్పుడు అదే ముందు వరసలోకి రావాలి.

నెల, సంవత్సరం మాత్రమే ఉంటే సాధారణంగా ఆ నెల చివరి రోజు దాకా గడువున్నట్టే.

అపోహ: సీలు తీసిన వయల్‌కీ అదే తేదీ.

వాస్తవం: కాదు. ఇన్సులిన్ వయల్ తెరిచాక చాలా రకాలకి 28 రోజులే. తెరిచిన తేదీ వయల్ మీదే రాయాలి.

అపోహ: ఇనిషియల్స్ అంటే ఆ షిఫ్ట్‌లో నేను డ్యూటీలో ఉన్నానని.

వాస్తవం: డ్యూటీలో ఉన్నామని చెప్పడానికి హాజరు పట్టీ ఉంది. ఇక్కడ పెట్టే రెండక్షరాలకి అర్థం, "ఇవి నేను చేత్తో లెక్కపెట్టాను, తేదీలు నేను చదివాను" అని. లెక్కపెట్టకుండా పెట్టినవి పట్టుకోవడం కష్టం కాదు. ఏడు రోజుల ఇనిషియల్స్ ఒకే పెన్నుతో, ఒకే ఒరవడిలో ఉంటాయి. పేషెంటు కేసుషీటులో రాత్రి రెండు ఆంప్యూల్స్ ఇచ్చినట్టు ఉంటుంది, తెల్లారి లిస్టులో సంఖ్య మాత్రం కదలదు. వాళ్లు బద్ధకస్తులని నేననుకోను. నిన్నటి అంకె కళ్లముందుంటే చేయి దాన్నే రాస్తుంది. అందుకే లెక్కపెట్టేటప్పుడు పాత గడి మీద ఒక కాగితం కప్పమంటాను, అంకె రాశాకే తీసి పోల్చాలి. తేడా వస్తే పాత అంకె కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి ఇనిషియల్స్ పెట్టాలి, వైట్‌నర్ వాడొద్దు.

ఇద్దరి పొడి అక్షరాలు ఒకటే అయితే ఒకరు మూడో అక్షరం చేర్చుకోవాలి. ఎవరివి ఏవో చూపే పట్టిక లిస్టు మొదటి పేజీలో ఉండాలి. నిల్వ కనీసానికి తగ్గినట్టు చూసినవాళ్లు ఇనిషియల్స్ పక్కనే "ఇండెంట్ పెట్టాను" అని తేదీతో రాయాలి. అది లేకపోతే తర్వాతి షిఫ్ట్ సిస్టర్ ఎవరో పెట్టే ఉంటారనుకుంటుంది, ఆమె తర్వాత వచ్చినావిడా అలాగే అనుకుంటుంది.