అప్పు రాసిన చోటే డిపాజిట్ పుడుతుంది

బ్యాంకు మనం దాచుకున్న డబ్బునే తీసి ఇంకొకరికి అప్పిస్తుందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. మిగతా సగం ఎక్కడ మొదలైందో తెలియాలంటే 17వ శతాబ్దపు స్వీడన్‌కు వెళ్లాలి.

అక్కడ వెండికి కరువు, రాగికి కొదవ లేదు. అందుకని రాగి పలకలనే నాణేలుగా వేశారు. డాలెర్ అంటే అప్పటి స్వీడన్ డబ్బు; 1644లో వేసిన పది డాలెర్ల పలక ఒక్కటే దాదాపు 20 కిలోలు తూగేది. కాస్త పెద్ద బేరమైతే డబ్బు మోయడానికి బండి కట్టుకోవాల్సిందే! 1656లో యొహాన్ పాల్మ్‌స్ట్రుక్ రాజు అనుమతి తీసుకుని, మరుసటి ఏడాది స్టాక్‌హోమ్‌లో బ్యాంకు తెరిచాడు. అందులో ఒక విభాగం జనం పలకలను దాచిపెట్టేది, రెండోది అప్పులిచ్చేది. దాచుకున్న సొమ్మునే అతను అప్పులకు తిప్పాడు. అందరూ ఒక్కసారే వచ్చి అడగరు కాబట్టి కొంత నిల్వ చేతిలో ఉంటే చాలన్నది లెక్క. పాక్షిక నిల్వ పద్ధతి అంటే ఇదే. దాచుకున్నవాళ్లు ఏ రోజైనా అడగొచ్చు, అప్పు మాత్రం గడువు తీరితే తప్ప తిరిగిరాదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

1660లో ప్రభుత్వం కొత్త పలకల్లో రాగి తగ్గించింది. దాంతో బరువైన పాత పలకలకు విలువ పెరిగి, వాటిని దాచుకున్నవాళ్లు బ్యాంకు ముందు బారులు తీరారు. ఇవ్వడానికి పలకలు చాల్లేదు. 1661లో పాల్మ్‌స్ట్రుక్ కాగితం నోట్లు ముద్రించాడు. ఐరోపాలో బ్యాంకు నోట్లకు ఇదే మొదలు. నోటు తెచ్చినవారికి లోహం ఇస్తామన్నది వాటి మీది హామీ. అప్పులు కూడా ఆ నోట్లలోనే ఇవ్వసాగాడు. అసలు మలుపు ఇది. అంతకుముందు ఎవరో దాచిన రాగి ఉంటేనే అప్పు పుట్టేది. ఇప్పుడు అప్పుతో పాటే కొత్త డబ్బు పుడుతోంది. నోట్లు మితిమీరి 1663 నాటికి వాటి విలువ పడిపోయింది. జనం లోహం అడిగారు, బ్యాంకు హడావుడిగా అప్పులు వెనక్కి పిలిచింది, బాకీదారులు కట్టలేకపోయారు. చివరికి పాల్మ్‌స్ట్రుక్‌కు మరణశిక్ష పడి, తర్వాత జైలుశిక్షగా మారింది. 1668లో పార్లమెంటు అజమాయిషీలో కొత్త బ్యాంకు పెట్టారు. నేటి స్వీడన్ కేంద్ర బ్యాంకు అదే.

ఇప్పుడు నోటు బదులు ఖాతాలో అంకె వచ్చింది. కుట్టుమిషన్ల షాపు పెట్టేందుకు ఒకరికి 5 లక్షల అప్పు మంజూరైందనుకుందాం. బ్యాంకు ఆయన అప్పు ఖాతాలో 5 లక్షలు ఖర్చు రాసి, పొదుపు ఖాతాలో 5 లక్షలు జమ వేస్తుంది. మరెవరి ఖాతాలోనూ రూపాయి తగ్గదు. బ్యాంకుకు రావలసిన బాకీ 5 లక్షలు పెరిగింది, ఇవ్వాల్సిన డిపాజిట్ కూడా అంతే పెరిగింది.

మరైతే హద్దేమిటి? ఆయన మిషన్ల డీలరుకు డబ్బు పంపాడు, డీలరు ఖాతా వేరే బ్యాంకులో ఉంది. డిపాజిట్ అక్కడికి మారుతుంది. ఆ చెల్లింపు కోసం రిజర్వు బ్యాంకులో మొదటి బ్యాంకుకున్న ఖాతా నుంచి 5 లక్షలు పోతాయి. ఆ సొమ్మును బ్యాంకు తనంతట తాను పుట్టించుకోలేదు. అదే లెక్కలో ఇతర బ్యాంకుల నుంచి 4 లక్షల 80 వేలు వస్తే నికరంగా పోయేది 20 వేలే. రాకపోతే డిపాజిట్లు సేకరించాలి, లేదా తోటి బ్యాంకుల దగ్గర వడ్డీకి తెచ్చుకోవాలి. డబ్బు పుట్టించగల బ్యాంకులు డిపాజిట్ల కోసం ఎందుకు పోటీపడతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

నిల్వల నిబంధన సంగతికొస్తే, డిపాజిట్లలో కొంత వంతు బ్యాంకు తప్పనిసరిగా రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాలి. 2025 నవంబరు చివరికి ఆ నగదు నిల్వల నిష్పత్తి, అంటే సీఆర్ఆర్, 3 శాతానికి దిగింది. 5 లక్షల డిపాజిట్‌కు 15 వేలు. పాఠ్యపుస్తకాలు చెప్పినట్టు ముందు నిల్వ చూసుకుని, దానికి ఇన్ని రెట్లని అప్పులివ్వడం జరగదు. సీఆర్ఆర్‌ను రెండు పక్షాల కిందటి డిపాజిట్ల మీద లెక్కిస్తారు; అంటే అప్పు ముందు, నిల్వ తర్వాత. దీనికంటే గట్టిగా పట్టి ఉంచేది సొంత మూలధనం. పూర్తి రిస్కుగా లెక్కించే అప్పు నూటికి కనీసం 9 రూపాయలు మూలధనం ఉండాలి, అందులో ఎక్కువ భాగం వాటాదారుల సొమ్ము. మన 5 లక్షలను అలా లెక్కిస్తే అది 45 వేలు.

షాపు నడిచి, ఆయన వాయిదా కడితే, అందులో అసలు మేరకు ఆయన డిపాజిట్, అప్పు రెండూ తగ్గుతాయి. పుట్టిన డబ్బు అంతమేరకు మాయమవుతుంది. షాపు మూతపడి అప్పు మొండిబాకీ అయితే డీలరు ఖాతాలోని 5 లక్షలు చెక్కుచెదరవు. నష్టం ముందుగా బ్యాంకు లాభాల మీద, ఆ తర్వాత మూలధనం మీద పడుతుంది. ఈ ఒక్క అప్పుకు పెట్టిన 45 వేలు అంత నష్టానికి ఏ మూలకూ చాలవు. తక్కినది మిగతా అప్పుల మీద వచ్చే వడ్డీలోంచి, వాటికి పెట్టిన మూలధనంలోంచి పూడాలి.