అపోహ: గొడవ తీసేస్తే పసిపిల్లల కార్టూన్ అయిపోతుంది

పసిపిల్లల కార్టూన్లు రాసే కొత్త రచయితల నుంచి ఈ నెలలో ఇది మూడో ఫోను, ఈసారి ఒక అమ్మాయి. "పసిపిల్లలకు ఘర్షణ ఎక్కువైంది" అని స్క్రిప్టు తిప్పి పంపారట. గొడవంతా తీసేసి పంపితే ఇప్పుడు "కథే లేదు" అంటున్నారట. పాపం, ఆ అమ్మాయి గొంతు వణుకుతోంది. సౌమ్యమైన ఘర్షణ అంటే ఘర్షణే లేకపోవడమని ఎవరు పుట్టించారో గానీ, కొత్త రచయితలను ముంచుతున్నది ఈ మాటే. పసిపిల్లలకూ సమస్య కావాలి. అది వాళ్ళ ఇంట్లో జరిగేంత చిన్నదిగా ఉండాలి, దాని వెనుక దుర్మార్గుడు ఉండకూడదు, అంతే.

నేనూ ఆ గోతిలో పడ్డవాణ్ణే. ఏడు నిమిషాల కథలో ఉడుత ఇడ్లీని కాకి ఎత్తుకుపోతుంది. గుంటూరు వాణ్ణి కదా, ఉడుత రెండో ఇడ్లీలో మిరపకాయ దాచినట్టు రాశాను. కాకి గగ్గోలు, అందరూ నవ్వడం, చివరి అరనిమిషంలో "పంచుకుని తినాలి" అనే నీతి. బ్రాడీపేటలో మా కింది వాటా పిల్లలు నలుగురికి యానిమాటిక్, అంటే గీసిన బొమ్మలను మాటలతో వరసగా పేర్చిన ముసాయిదా వీడియో, చూపించి, ఏం చూశారని అడిగితే నలుగురూ "మిరపకాయ!" అన్నారు. ఒకడు తమ్ముడి నోటివైపు చూస్తుంటే నాకు చెమట పట్టింది. ఈ వయసులో చూసిన పని నిలుస్తుంది, చెప్పిన నీతి జారిపోతుంది.

రెండోసారి దొంగతనం, మిరపకాయ రెండూ తీసేశాను. ఉడుత, కాకి కలిసి హాయిగా తిన్నాయి. రెండో నిమిషానికి పిల్లలు లేచి గుమ్మంలోని చెప్పులతో ఆడుకున్నారు.

మూడోసారి చెట్టు కింద ఒకే ఇడ్లీ పెట్టాను. రెండింటికీ ఆకలి. ఆ సంగతి మొదటి అరనిమిషంలోనే తెలుస్తుంది. చెరోవైపు లాగితే ఇడ్లీ జారి ఆకుమీద పడుతుంది. "ఇంకోలా చేద్దాం!" అంటుంది ఉడుత. ఒక్కతే తినబోతే కాకి ముఖం చూసి ముద్ద దిగదు. మళ్ళీ "ఇంకోలా చేద్దాం!" అని, అప్పుడు సగం చేస్తుంది. ఆ ఊతపదం కొట్టేస్తే కథ తర్వాతి మెట్టు ఎక్కదు. కొట్టేసినా కథ నడిచిపోతే అది ఊతపదం కాదు, రొద. పదేపదే వస్తే విసుగంటారా? విసుగు మనకు, పిల్లలకు కాదు.

సులువైన మాటలంటే బువ్వ, లాల అని ముద్దు మాటలు నింపడమూ కాదు. "నువ్వు ఎత్తుకుపోకుండా ఉండి ఉంటే నాకు దొరికేది" అన్న వాక్యం మూడేళ్ళ పిల్లకు అందదు. "ఇడ్లీ నాకు కావాలి. నాకు ఆకలి" అని రెండు ముక్కలు చేస్తే అందుతుంది.

ఈ మూడో కథలో ఊతపదం రెండోసారి వచ్చే చోట ఉడుత "ఇంకోలా..." అని ఆగేలా రాశాను, మిగతాది పిల్లలు అంటారని. అన్నారు కూడా, కానీ నేను అర సెకనే వదలడంతో వాళ్ళ అరుపులో కాకి మాట మునిగిపోయింది. ఆ విరామాన్ని రెండు సెకన్లు చేశాను.