పేడా మీద బొటనవేలి ముద్ర

మే నెలలో ఒక పెళ్లి నుంచి వచ్చిన మా పిన్ని స్వీట్ల డబ్బాని ఫ్రిజ్ మీద పెట్టింది. లోపల పెడదామంటే మామిడిపళ్లకీ మజ్జిగ గిన్నెలకీ పోను చోటు మిగల్లేదు. మర్నాడు మధ్యాహ్నం డబ్బా తెరిచి వాసన చూసింది. ఓ చిన్న ముక్క నాలుక మీద వేసుకుని, "బాగానే ఉందిరా, పిల్లలకు పెట్టు" అంది. డబ్బాలో ఒక పక్క పేడాలు, ఇంకో పక్క కలాకంద్ ఉన్నాయి. నేను పేడాల్లో చాలావాటిని ఉంచి, కలాకంద్ అంతా పారేశాను. దానికి ఆనుకుని ఉన్న నాలుగు పేడాలూ తీసేశాను. పిన్నికి కోపం వచ్చింది. "రెండూ పాలతో చేసినవే, ఒకే రోజు చేసినవే. ఇది మంచిది, అది చెడ్డది ఎలా అయింది?" అని అడిగింది.

తేడా అంతా నీళ్లలో ఉంది. నాలుగైదు లీటర్ల గేదె పాలను మరిగించి దగ్గర పడేస్తే ఒక కిలో కోవా వస్తుంది. అంత ఇగిరినా అందులో ఇంకా బోలెడు నీరు ఉంటుంది. ఉత్త కోవా ఎండాకాలంలో ఒక్క రోజు బయట ఉంచినా పాడయ్యేది అందుకే. పేడా చెయ్యాలంటే ఆ కోవాలో పంచదార వేసి, ముద్ద బాణలి అంచులు వదిలేదాకా మళ్లీ కలియబెడతారు. అప్పుడు కొంత నీరు ఆవిరైపోతుంది. మిగిలిన నీటిలో చాలా భాగాన్ని పంచదార తనతో కట్టేసుకుంటుంది. అలా కట్టుబడిపోయిన నీరు సూక్ష్మజీవులకు అందదు. ఎండబెట్టిన చేపలో, ఉప్పులో ఊరిన మామిడికాయ ముక్కలో జరిగేదీ ఇదే. నీరు ఎంత ఉందనేది కాదు, అందులో సూక్ష్మజీవులకు దొరికేది ఎంత అన్నదే అసలు లెక్క.

దీన్ని కొలవడానికి శాస్త్రవేత్తలు సున్నా నుంచి ఒకటి దాకా ఒక కొలమానం పెట్టుకున్నారు. దాని పేరు నీటి క్రియాశీలత. మంచినీళ్లకు ఇది 1. తేనెకు 0.6 దగ్గర ఉంటుంది, అందుకే తేనె ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. ఆహారాన్ని పాడుచేసే బాక్టీరియాలో ఎక్కువ భాగం 0.91 కంటే కిందికి వస్తే పెరగలేవు. తాజా కోవా 0.96 దగ్గర ఉంటుంది. పాలు విరిచి, గుల్లగుల్లగా, తడిగా చేసే కలాకంద్ కూడా 0.9కి పైనే ఉంటుంది. బాగా ఇగిరిన పేడా, గట్టి బర్ఫీ చేసే తీరును బట్టి 0.8కి కాస్త అటూ ఇటూగా ఉంటాయి. మధుర పేడా ముదురు గోధుమ రంగులో, పొడిపొడిగా ఉండడం రుచి కోసమే కాదు. కోవాని అంతగా వేయించినప్పుడు నీరు కూడా అంతే పోతుంది.

ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పాల మిఠాయిల గురించి ఇచ్చిన సూచనల్లోనూ ఈ వరసే కనిపిస్తుంది. బయట ఉంచితే కలాకంద్ చేసిన రోజే తినేయాలి. రసగుల్లా లాంటివి రెండు రోజులు, పేడా, మామూలు పాల బర్ఫీ నాలుగు రోజులు. అది కూడా శుభ్రంగా చేసి, శుభ్రంగా ఉంచినప్పుడు. ఏ.సి. ఉన్న దుకాణంలో నాలుగు రోజులు ఉండే బర్ఫీ, రెంటచింతలలో 44 డిగ్రీల ఎండలో రేకుల ఇంట్లో అన్ని రోజులు ఉంటుందని నేనైతే నమ్మను.

మరి ఆ నాలుగు పేడాలు ఎందుకు తీసేయాల్సి వచ్చింది? ఒకే డబ్బాలో తడిది, పొడిది పక్కపక్కన పెడితే తడి నెమ్మదిగా పొడిదానిలోకి వెళ్తుంది. కలాకంద్‌కి ఆనుకున్న పేడా అంచు మెత్తబడి, వేలు పెడితే అంటుకుంటోంది. అంటే అక్కడ పంచదార వేసిన కట్టు వదులైంది. కలాకంద్ మీదున్నదంతా దాని మీదికీ చేరి ఉంటుంది.

ఇప్పుడు పిన్ని చేసిన పరీక్ష సంగతి. ముక్కు, కన్ను, నాలుక పట్టుకోగలిగేవి మూడు రకాల చెడులు. మొదటిది పులవడం. బాక్టీరియా పాలలోని చక్కెరను ఆమ్లంగా మారిస్తే తీపి వెనకాల సన్నటి పులుపు తగులుతుంది. వాసన పెరుగు వైపు తిరుగుతుంది. తడి మిఠాయిల్లో దీనితో పాటు పైన జిగట వస్తుంది. ముక్క విరిస్తే సన్నటి తీగలు సాగుతాయి. అలా తీగ సాగినదాన్ని రుచి కూడా చూడొద్దు. రెండోది వెన్న భాగం చెడడం. సూక్ష్మజీవుల ఎంజైములు కొవ్వును విడగొడితే ఘాటుగా, మక్కిన వాసన వేస్తుంది, నాలుకకు సబ్బులా తగులుతుంది. గాలి, వెలుతురు తగిలి పాడైతే పాత నెయ్యి వాసన వస్తుంది. మూడోది బూజు. బాక్టీరియా బతకలేనంత పొడిగా ఉన్న పేడా మీద కూడా బూజు పెరగగలదు. అందుకే గట్టి మిఠాయిల మీద తరచుగా ముందు కనిపించేది అదే.

బూజు దగ్గర చాలామంది పొరబడతారు. పాత పేడా మీద తెల్లగా కనిపించేదంతా బూజు కాదు. పైన నీరు ఆరిపోయినప్పుడు పంచదార గట్టిపడి తెల్లటి పొరలా తేలుతుంది. గోటితో గీస్తే అది గరగరలాడుతూ రాలుతుంది. బూజు అలా ఉండదు. వెలుతురుకి అడ్డంగా పట్టుకుని పక్క నుంచి చూస్తే సన్నటి నూగు లేచి కనిపిస్తుంది. చుక్కలుగా మొదలై గుండ్రంగా విస్తరిస్తుంది, కొన్ని రోజుల్లో పచ్చగానో నల్లగానో మారుతుంది. వేలితో తుడిస్తే మెత్తగా పోతుంది కానీ దాని వేళ్లు లోపల ఉండిపోతాయి. ఆ ముక్క ఒక్కటే కోసి పారేసి మిగతాది తినడం సరికాదు. మూత పెట్టిన డబ్బాలో ఒక ముక్కకు బూజు పట్టిందంటే దాని బీజాలు అన్ని ముక్కల మీదా పడే ఉంటాయి.

కాగితం నూనెగా తడవడం మాత్రం చెడిన గుర్తు కాదు. పాల కొవ్వు మన ఒంటి వేడికే దాదాపు కరిగిపోతుంది, 40 డిగ్రీల గదిలో బర్ఫీ కింద కాగితానికి నెయ్యి మరక పడకపోతేనే వింత. నోట్లో ఇసుకలా తగలడం కూడా పాల చక్కెర పలుకులు కట్టడం వల్ల వచ్చేదే, దానితో జబ్బు చేయదు.

ఈ మూడు రకాల చెడుల కంటే నన్ను ఎక్కువగా భయపెట్టేది ఏ గుర్తూ చూపించదు. పేడా ఎలా చేస్తారో గుర్తు తెచ్చుకోండి. బాణలిలో ఉన్నంతసేపు ముద్ద సలసల కాగుతూ ఉంటుంది. వేడిని తట్టుకునే కొన్ని బీజాలు తప్ప అందులో ఏ సూక్ష్మజీవీ మిగలదు. ఆ తర్వాత చల్లార్చి, అరచేతుల్లో గుండ్రంగా చేసి, మధ్యలో బొటనవేలితో నొక్కుతారు. అందంగా కనిపించే ఆ ముద్ర దగ్గరే మనిషి చర్మం మిఠాయిని తాకింది. కలాకంద్‌ని కోసే కత్తి, కప్పే గుడ్డ కూడా అలాంటివే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా చాలామంది ముక్కులో, చర్మం మీద స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా ఉంటుంది. వేలికి పుండు గానీ కోత గానీ ఉంటే మరీ ఎక్కువ. పంచదార, ఉప్పు ఉన్న చోట చాలా బాక్టీరియా వెనకడుగు వేస్తే, ఇది నీటి క్రియాశీలత దాదాపు 0.86కి పడిపోయేదాకా పెరుగుతూనే ఉంటుంది. దానికి బాగా ఇష్టమైన వేడి 37 డిగ్రీలు. మే నెలలో మన వంటగది అచ్చం అంతే ఉంటుంది.

పిన్ని డబ్బా లెక్కే వేసి చూద్దాం. కలాకంద్‌ని ఉదయం 10కి కోశారనుకుందాం. ఒక గ్రాములో ఈ బాక్టీరియా కేవలం 100 పడ్డాయనుకుందాం. మంచి పరిస్థితుల్లో ఇవి అరగంటలోపే రెట్టింపవుతాయి. పంచదార వల్ల నెమ్మదించి గంటకు ఒకసారే రెట్టింపయ్యాయని తీసుకున్నా, రాత్రి 8 అయ్యేసరికి లక్ష దాటతాయి. అర్ధరాత్రికి పదహారు లక్షలు. గ్రాముకి లక్ష నుంచి పది లక్షల మధ్యకు చేరిన దగ్గర నుంచి అవి వదిలే విషం మనిషికి జబ్బు చేసేంత పోగవుతుంది. పిన్ని వాసన చూసింది మర్నాడు మధ్యాహ్నం. అప్పటికి ఆ హద్దు ఎప్పుడో దాటిపోయింది. అయినా అందులో పులుపు లేదు, వాసన లేదు, రంగు మారలేదు. ఈ విషానికి రుచీ వాసనా ఉండవు.

మళ్లీ వేడి చేస్తే పోతుందా అని చాలామంది అడుగుతారు. బాక్టీరియా చస్తుంది, అది అప్పటికే వదిలిన విషం చావదు. అరగంట మరిగించినా తట్టుకుని మిగలగలదు. కాబట్టి పాత కోవాతో మళ్లీ హల్వా చేయడం దాన్ని మంచిది చేయదు. తిన్న తర్వాత ఒక గంట నుంచి ఆరు గంటల లోపే కడుపులో తిప్పి, వరసగా వాంతులవుతాయి. జ్వరం పెద్దగా ఉండదు. ఒకే స్వీటు తిన్నవాళ్లంతా దాదాపు ఒకే సమయానికి పడిపోవడం దీని గుర్తు. చాలామందికి ఒక రోజులో తగ్గుతుంది. కానీ చిన్నపిల్లలు, పెద్దవాళ్లు నీరసించి ఒంట్లో నీరు పోగొట్టుకుంటారు. ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండాలి, అది కూడా నిలవకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

అందుకని నేను ముందు వాసన చూడను. ఎప్పుడు చేశారు, ఎంతసేపు ఎండలో ఉంది, వేలికి తడి తగులుతోందా అని అడుగుతాను. కలాకంద్, మలాయి మిఠాయిలు వేసవిలో పూట దాటి బయట ఉంటే పారేస్తాను. గట్టి పేడాకి ఒకటి రెండు రోజులు ఇస్తాను. గువ్వలచెరువు ఘాట్ దగ్గర పాలకోవా కొని హైదరాబాద్ దాకా తీసుకెళ్లేవాళ్లు మెత్తటి రకం కాకుండా, బాగా ఇగిరిన గట్టి రకం అడిగి తీసుకుంటే మంచిది. కారు డిక్కీలో కాకుండా ఏ.సి. తగిలే చోట పెట్టుకోవాలి.

ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గర స్టాఫిలోకాకస్ పెరగడం ఆగిపోతుంది. కానీ ఫ్రిజ్‌లోంచి తీసేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది. చల్లటి డబ్బాని వెంటనే మూత తీస్తే, బయటి గాలిలోని తేమ పేడాల మీద సన్నటి చెమటలా పడుతుంది. అన్ని రోజులు పొడిగా కాపాడుకున్న పైపొర ఆ ఒక్కసారికే తడిసి, దాన్ని మళ్లీ లోపల పెడితే త్వరగా బూజు పడుతుంది. అందుకే తినబోయే నాలుగు పేడాలు వేరే చిన్న డబ్బాలో పెట్టి ఉంచాలి. ఆ డబ్బాని బయటికి తీసి, దాని చల్లదనం పోయేదాకా మూత తీయకుండా వదిలేయాలి. చెమట డబ్బా మీద పడుతుంది, పేడా మీద పడదు. పిన్ని ఇప్పుడు అలాగే చేస్తోంది. కలాకంద్ తెచ్చిన రోజు మాత్రం ఆ సాయంత్రమే పక్కింటివాళ్లకు పంచేస్తోంది.