తెల్ల బ్యాక్‌గ్రౌండా, ఖాళీ బ్యాక్‌గ్రౌండా?

పర్లాకిమిడి, బరంపురం వైపు డీటీపీ షాపులకు ఒకే మనిషి ఫొటో రెండు పనుల మీద రావచ్చు. ఒకటి పెళ్ళి ఫ్లెక్సు, పేర్లు ఒక వరుస తెలుగులో, ఒక వరుస ఒడియాలో. రెండోది దరఖాస్తుకు పాస్‌పోర్టు సైజు ఫొటో. రెండింటికీ మనిషి వెనకున్న గోడను తీసేయాల్సిందే. తీసేశాక ఆ చోట ఏం మిగలాలన్నది మాత్రం రెండింటికీ వేరు.

కంప్యూటరు ఫొటోలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం చొప్పున మూడు అంకెలుంటాయి, ఒక్కోటి 0 నుంచి 255 దాకా. మూడూ 255 అయితే తెలుపు. అంటే తెలుపు కూడా పూసిన రంగే. పారదర్శకత ఈ మూడింటిలో లేదు, దానికి ఆల్ఫా అనే నాలుగో అంకె ఉంటుంది. ఆల్ఫా 0 అయితే చుక్క కనిపించదు, కిందున్నది కనిపిస్తుంది. 255 అయితే కిందిది పూర్తిగా కప్పేస్తుంది. పిఎన్‌జి ఫైలు ఈ నాలుగో అంకెను దాచుకుంటుంది. జెపెగ్‌లో దానికి చోటే లేదు.

తేడా బయటపడేది అంచు దగ్గర, ముఖ్యంగా జుట్టు దగ్గర. ఒక చుక్కలో సగం జుట్టు, సగం ఖాళీ ఉందనుకుందాం. జుట్టు రంగు 20, 20, 20. వెనక తెలుపు పూస్తే రెండూ కలిసి ఆ చుక్క సుమారు 138 దగ్గర బూడిద రంగవుతుంది. తెల్ల కాగితం మీద అది చక్కగా కలిసిపోతుంది. అదే బొమ్మలో తర్వాత తెలుపును మాత్రం తీసేసి మెరూన్ ఫ్లెక్సు మీద పెడితే, ఆ బూడిద చుక్కలు అలాగే మిగిలి తల చుట్టూ తెల్లదారం కుట్టినట్టు కనిపిస్తాయి. మొదటే పారదర్శకంగా కత్తిరించి ఉంటే చుక్క రంగు 20గానే ఉండి ఆల్ఫా సుమారు 128 అవుతుంది. మెరూన్ (128, 0, 0) మీద పెట్టగానే లెక్క 74, 10, 10 దగ్గర తేలుతుంది. ముదురు మెరూన్ కాబట్టి అంచు కంటికి పట్టదు.

అందుకే పారదర్శకం నుంచి తెలుపుకు వెళ్ళడం క్షణంలో పని. తిరుగు ప్రయాణమే కష్టం. తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్న పెళ్ళికొడుకైతే మరీను: మంత్రదండం టూలుతో తెలుపును ఎంచుకుని చెరిపితే వెనకున్న తెలుపుతో పాటు చొక్కా కూడా ఎగిరిపోతుంది.

జింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో చాలామందిని బోల్తా కొట్టించేది ఇదీ. జెపెగ్ తెరిచి, గోడను ఎంచుకుని `Delete` నొక్కితే గోడ పోయి తెల్లగా అవుతుంది. పని అయిపోయిందనుకుంటారు. నిజానికి ఆ పొరకు ఆల్ఫా లేదు కాబట్టి టూల్‌బాక్సులో బ్యాక్‌గ్రౌండ్ రంగు ఏదుంటే అది పూసింది, అంతే. ముందుగా `Layer → Transparency → Add Alpha Channel` నొక్కాలి. అప్పుడే చెరిపిన చోట ఖాళీకి గుర్తుగా గళ్ళు కనిపిస్తాయి. ఇంకా మంచిది, చెరపకుండా `Layer → Mask → Add Layer Masks` పెట్టి, గోడ ఉన్నచోట మాస్కు మీద మెత్తటి బ్రష్‌తో నలుపు పూసి దాన్ని దాచడం. ఎక్కడైనా చెవి తెగితే తెలుపు పూస్తే తిరిగి వస్తుంది. అసలు గోడ రంగు అంచు చుక్కల్లో కలిసే ఉంటుంది కాబట్టి మాస్కు అంచును ఒక పిక్సెల్ లోపలికి జరపండి. ఆకుపచ్చ గోడైతే ఇది మరీ అవసరం. కింద తాత్కాలికంగా ముదురు రంగు పొర ఒకటి పెట్టి చూస్తే లోపాలన్నీ బయటపడతాయి.

పొరలు, మాస్కుతో సహా జింప్ దాచే ఈ `.xcf` ఫైలును ఉంచుకుంటే ఫ్లెక్సుకు పిఎన్‌జి ఇవ్వవచ్చు. దరఖాస్తుకు కింద తెల్ల పొర వేసి, `Image → Flatten Image` చేసి, జెపెగ్‌గా ఎగుమతి చేయవచ్చు. ఇక్కడ పారదర్శకం పనికిరాదు. జెపెగ్ మాత్రమే తీసుకునే ఫారానికి పిఎన్‌జిని ఏదో కన్వర్టరులో మార్చి పెడితే, కొన్నిసార్లు మనిషి వెనక నల్లగా వస్తుంది. ఖాళీ చుక్కల కింద దాగి ఉన్న అంకెలు 0, 0, 0 అయి, ఆల్ఫాను పారేయగానే అవి బయటికొచ్చాయన్నమాట. వాట్సాప్‌లో ఫొటోగా పంపినా ఆల్ఫా పోతుంది. డాక్యుమెంటుగా పంపాలి.

సంతకం, రబ్బరు స్టాంపు స్కాన్‌ల సంగతి వేరు. తెల్ల కాగితం మీద ఒకే సిరా కాబట్టి వాటికి `Color to Alpha` వాడి తెలుపును తీసేస్తే అంచులతో సహా శుభ్రంగా వస్తుంది. దాన్నే మనిషి ఫొటో మీద వాడితే పళ్ళు, కళ్ళలోని తెలుపు కూడా పల్చబడి వెనక రంగు తొంగిచూస్తుంది.

పసుపు కార్డు మీద ఒకే ఒక్క నల్ల సిరాతో వేసే శుభలేఖలోని గణపతి బొమ్మకు మాత్రం ఈ గొడవ లేదు. మామూలు ప్రెస్సులో తెల్ల సిరా ఉండదు, తెలుపు ఉన్నచోట ఏమీ అచ్చవదు, కార్డు పసుపే కనిపిస్తుంది. అదే గణపతి బొమ్మను ఫ్లెక్సు మీద ఎర్ర రంగు వేసిన చోట పెడితే, బొమ్మ చుట్టూ తెల్ల డబ్బా స్పష్టంగా తేలుతుంది. నెట్‌లో దొరికే బొమ్మల్లో ఇంకో మోసముంది: గళ్ళు కనిపిస్తాయి గానీ అవి అచ్చంగా గీసిన గళ్ళే. జింప్‌లో తెరిచి జూమ్ చేయండి. గళ్ళు బొమ్మతో పాటు పెద్దవవుతుంటే అది ఖాళీ కాదు, గీసిన బొమ్మే.