బ్యాలెన్సింగ్ వాల్వు నుంచి పీఐసీవీ దాకా: ఫ్యాన్ కాయిల్ నీళ్ల లెక్క ఎలా మారింది

చిల్డ్ వాటర్‌తో ఏసీ నడిచే ఆఫీసు బిల్డింగ్ ఏదైనా సరే, వాల్వుల దగ్గరికి వచ్చేసరికి వాదన మొదలవుతుంది. ఒక్కో ఫ్యాన్ కాయిల్ యూనిట్‌కి, అంటే చల్లటి నీళ్ల కాయిల్ మీదుగా గాలి ఊది గదిని చల్లబరిచే యూనిట్‌కి, మామూలు టూ-వే కంట్రోల్ వాల్వు పెట్టి, పక్కన చేత్తో సెట్ చేసే బ్యాలెన్సింగ్ వాల్వు పెడదామా, లేక రెండింటి బదులు ఒక్క పీఐసీవీ, అంటే పైపులో పీడనం ఎంత మారినా నీటి ప్రవాహాన్ని మారనివ్వని కంట్రోల్ వాల్వు, పెడదామా అని. ఈ వాదన ఎక్కువగా రేటు మీదే నడుస్తుంది. అసలు విషయం రేటు కాదు. చేత్తో బ్యాలెన్స్ చేసే పద్ధతి ఏ సిస్టమ్ కోసం పుట్టింది, ఇప్పుడు మనం దాన్ని ఏ సిస్టమ్‌లో వాడుతున్నాం అన్నదే అసలు ప్రశ్న.

ఒకప్పుడు పంపు ఒకే వేగంతో తిరిగేది, యూనిట్ దగ్గర త్రీ-వే వాల్వు ఉండేది. గది చల్లబడితే నీళ్లు కాయిల్‌లోకి వెళ్లకుండా బైపాస్‌లోంచి రిటర్న్ పైపులోకి పోయేవి. అంటే గదిలో లోడ్ ఎంత ఉన్నా పైపులో ప్రవాహం దాదాపు ఒకటే. అప్పుడున్న ఇబ్బంది ఒక్కటే: పంపుకి దగ్గర్లో ఉన్న యూనిట్ అవసరానికి మించి నీళ్లు లాగేస్తుంది, చివర ఉన్నదానికి చాలవు. దీనికి మొదట పైపులతోనే పరిష్కారం చూశారు. జర్మనీలో టిచెల్‌మాన్ పేరుతో పిలిచే రివర్స్ రిటర్న్ అదే: సప్లైలో మొదట ఉన్న యూనిట్ రిటర్న్‌లో చివర వచ్చేలా పైపు తిప్పితే అందరి దారి పొడవూ దాదాపు సమానమవుతుంది. కానీ పైపు ఎక్కువ పడుతుంది, షాఫ్ట్‌లో చోటు కావాలి. అందుకే స్కేలు ఉన్న హ్యాండ్‌వీలు, పీడనం కొలిచే రెండు నిపుల్స్‌తో బ్యాలెన్సింగ్ వాల్వులు వచ్చాయి. స్వీడన్‌లోని టూర్ అండ్ ఆండర్సన్ లాంటి కంపెనీలు ఆ పనిని ఒక పద్ధతిగా స్థిరపరిచాయి.

ఆ పద్ధతి పేరు ప్రపోర్షనల్ బ్యాలెన్సింగ్. ఒక బ్రాంచిలో డిజైన్ ప్రవాహంతో పోలిస్తే అందరికంటే తక్కువ శాతం అందుతున్న యూనిట్‌ని పట్టుకుని, మిగతావాటిని దానితో సమానమైన శాతానికి తెచ్చి, ఆ తర్వాత బ్రాంచిల మధ్య, అంతస్తుల మీదుగా నిలువునా వెళ్లే రైజర్ల మధ్య అదే పని చేస్తూ పైకి వెళ్తారు. చివర్లో మెయిన్ ప్రవాహం పెరిగినా తగ్గినా యూనిట్ల మధ్య నిష్పత్తి చెడదు, అందుకే ఇది అంత బాగా పనిచేసింది. అయితే ఇందులో ఒక షరతు ఉంది. అన్ని దారులూ తెరిచే ఉండాలి. త్రీ-వే వాల్వుల కాలంలో ఆ షరతు తనంతట తానే నెరవేరేది కాబట్టి దాని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించాల్సిన పని రాలేదు.

1973 చమురు సంక్షోభం తర్వాత కరెంటు లెక్క ముందుకొచ్చింది, ఆ తర్వాతి దశాబ్దాల్లో పంపు వేగం మార్చే డ్రైవ్‌లు అందుబాటు ధరకి వచ్చాయి, త్రీ-వే వాల్వు స్థానంలో టూ-వే వాల్వు కూర్చుంది. గది చల్లబడితే వాల్వు మూసుకుంటుంది, ప్రవాహం తగ్గుతుంది, పంపు నెమ్మదిస్తుంది. మన దగ్గర 2007లో వచ్చిన ఈసీబీసీ, అంటే భవనాల్లో కరెంటు పొదుపు కోసం తెచ్చిన కోడ్, కూడా పంపుల మొత్తం పవర్ 7.5 కిలోవాట్లు దాటితే వేరియబుల్ ఫ్లో అడిగింది. పైపుల్లో ఇంత మార్పు వచ్చినా స్పెసిఫికేషన్‌లో మాత్రం బ్యాలెన్సింగ్ వాల్వు లైను పాత పేజీ నుంచి కొత్త పేజీకి అలాగే వచ్చేసింది. నా దృష్టిలో గొడవంతా ఇక్కడే మొదలైంది.

ఏం జరుగుతుందో ఒక లెక్కతో చూద్దాం. ఒక టన్ను ఫ్యాన్ కాయిల్ తీసుకోండి. లోపలికి వెళ్లే నీళ్లకీ బయటికొచ్చే నీళ్లకీ 5.5 డిగ్రీల తేడాతో దానికి గంటకి సుమారు 545 లీటర్లు కావాలి, మన సైట్ భాషలో 2.4 జీపీఎం. కాయిల్‌లో 15 కిలోపాస్కల్స్ పోతాయి, 1.6 కేవీ ఉన్న, అంటే ఒక బార్ పీడన తేడాకి గంటకి 1.6 ఘనపు మీటర్ల నీళ్లు వదిలే, కంట్రోల్ వాల్వులో సుమారు 12, చిన్న పైపుల్లో 3, బ్యాలెన్సింగ్ వాల్వులో కొలతకి వీలుగా ఓ 10. మొత్తం 40. చివరి యూనిట్‌కి సరిగ్గా ఈ 40 అందేలా డిజైన్ చేశామనుకోండి. అదే రైజర్‌లో పంపుకి దగ్గరున్న యూనిట్ దగ్గర 120 ఉంటుంది. అక్కడ కూడా కాయిల్, వాల్వు, పైపు కలిసి తినేది 30 మాత్రమే కాబట్టి మిగతా 90ని బ్యాలెన్సింగ్ వాల్వు తినాలి. కమిషనింగ్ రోజు అన్ని వాల్వులూ పూర్తిగా తెరిచి కొలిస్తే రెండు చోట్లా 545 వస్తుంది, రిపోర్టు మీద సంతకాలు పడతాయి.

ఇప్పుడు అక్టోబర్‌లో ఒక సాయంత్రం, బిల్డింగ్‌లో ఎక్కువ యూనిట్లు మూసుకున్నాయి. రైజర్‌లో ప్రవాహం తగ్గింది కాబట్టి అందులో పీడన నష్టం కూడా దాదాపు పోయింది. పంపుని నడిపే సెన్సర్ పంపు దగ్గరే ఉండి 120 నిలబెడుతోందంటే, చివరి యూనిట్‌కి కూడా 40 బదులు 120 వస్తుంది. మూడింతల పీడనం అంటే 1.73 రెట్ల ప్రవాహం, గంటకి 940 లీటర్ల పైన. కాయిల్ మాత్రం ఆ అదనపు నీళ్లతో పది, పన్నెండు శాతం కంటే ఎక్కువ చల్లదనం ఇవ్వదు. ఫలితంగా 5.5 డిగ్రీల తేడా మూడున్నర దగ్గరికి పడిపోతుంది, చల్లటి నీళ్లు చల్లగానే చిల్లర్‌కి తిరిగొస్తాయి. ప్లాంట్ రూమ్‌లో లోడ్ సగమే ఉన్నా రెండో చిల్లర్, రెండో పంపు ఎందుకు ఆన్ చేయాల్సి వస్తోందని ఆపరేటర్లు తల పట్టుకునే లో డెల్టా-టీ సమస్యకి ఇదొక పెద్ద కారణం.

సరే, సెన్సర్‌ని చివరికి మార్చి 40కి సెట్ చేద్దాం అంటారు. చివరి యూనిట్ బాగుపడుతుంది. కానీ ఇప్పుడు పంపు నెమ్మదించినప్పుడు దగ్గరి యూనిట్‌కి కూడా 40 దరిదాపుల్లోనే అందుతుంది, దాని బ్యాలెన్సింగ్ వాల్వు మాత్రం 120 కోసం బిగించి ఉంది. ప్రవాహం 58 శాతానికి, అంటే సుమారు 315 లీటర్లకి పడిపోతుంది. బిల్డింగ్ అంతా ఖాళీగా ఉండి ఆ ఒక్క గదిలోనే, సర్వర్ రూమో, పడమటి ఎండ కొట్టే మీటింగ్ రూమో, లోడ్ నిండుగా ఉంటే కంప్లయింట్ వస్తుంది. ఒకే సెట్టింగ్ సెన్సర్ చోటుని బట్టి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ ఇస్తుంది. బ్యాలెన్సింగ్ చేసినవాళ్ల తప్పేమీ లేదు.

ఇక వాల్వ్ అథారిటీ. పూర్తిగా తెరిచినప్పుడు కంట్రోల్ వాల్వు మీద పడే పీడనాన్ని, పూర్తిగా మూసినప్పుడు దాని మీద పడే పీడనంతో భాగిస్తే వచ్చేదే అథారిటీ. మన దగ్గరి యూనిట్‌లో అది 12ని 120తో భాగిస్తే 0.1. సాధారణంగా 0.5 కోరుకుంటారు, 0.25 కంటే దిగితే భయపడతారు. వాల్వు కొంత తెరిచినప్పుడు ప్రవాహం ఎంతో ఈ సూత్రం చెబుతుంది:

```
q = 1 / √(1 − N + N/k²)
```

ఇందులో N అథారిటీ, k ఆ తెరుపు దగ్గర వాల్వు కేవీ పూర్తి కేవీలో ఎంత భాగమో ఆ సంఖ్య. ఈక్వల్ పర్సంటేజ్ వాల్వు, అంటే తెరుపు మొదట్లో కొంచెంగా, చివర్లో ఎక్కువగా నీళ్లు వదిలే వాల్వు, సగం తెరిస్తే k సుమారు 0.14. అథారిటీ 1 ఉంటే ప్రవాహం 14 శాతం, 0.5 ఉంటే 20 శాతం, 0.1 ఉంటే 41 శాతం. కాయిల్ స్వభావం తెలిసినవాళ్లకి ఇది చాలు: తక్కువ ప్రవాహంతోనే కాయిల్ ఎక్కువ చల్లదనం ఇచ్చేస్తుంది, 41 శాతం నీళ్లతో మూడింట రెండు వంతుల దాకా. అందుకే వాల్వు కాస్త కదిలితే గది ఉష్ణోగ్రత అటూ ఇటూ ఊగుతుంది, యాక్చుయేటర్ రోజంతా తిరుగుతూనే ఉంటుంది. ఈక్వల్ పర్సంటేజ్ ఆకారాన్ని ఇక్కడ వాడేదే కాయిల్ వంపుని సరిచేయడానికి, తక్కువ అథారిటీ ఆ లాభాన్ని చాలావరకు తినేస్తుంది.

ఒక మాట మాత్రం చెప్పుకోవాలి. యాక్చుయేటర్ ఆన్-ఆఫ్ రకమైతే అథారిటీ గురించి మాట్లాడటమే అనవసరం. తెరిచి ఉంటుంది లేదా మూసి ఉంటుంది, మధ్యలో ఏమీ లేదు. అక్కడ మిగిలేది తెరిచినప్పుడు ఎంత నీళ్లు పోతున్నాయన్న ప్రశ్న ఒక్కటే. మన హోటళ్లలో, ఆఫీసుల్లో ఫ్యాన్ కాయిళ్లలో చాలావాటికి ఉండేది ఆన్-ఆఫ్ థర్మోస్టాటే, కాబట్టి అథారిటీ పేరు చెప్పి పీఐసీవీ అమ్మేవాళ్లని ముందు యాక్చుయేటర్ ఏ రకమో అడగండి.

పీఐసీవీ ఒక్కసారిగా రాలేదు. మొదట స్ప్రింగ్ కార్ట్రిడ్జ్ ఉన్న ఫ్లో లిమిటర్లు వచ్చాయి. ఆన్-ఆఫ్‌తో అవి బాగానే ఉంటాయి, కానీ కొంచెం కొంచెంగా తెరుచుకునే మాడ్యులేటింగ్ వాల్వు ప్రవాహం తగ్గించబోతే కార్ట్రిడ్జ్ తెరుచుకుని పాత ప్రవాహాన్నే నిలబెట్టాలని చూస్తుంది, రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. తర్వాత ఫ్లోర్ బ్రాంచి మొత్తానికి ఒక డీపీసీవీ, అంటే పీడన తేడాని నియంత్రించే వాల్వు, పెట్టి, ఆ బ్రాంచిలో పీడన తేడా స్థిరంగా ఉంచే పద్ధతి యూరప్‌లో బాగా వాడారు. ఇది ఇప్పటికీ మంచి పద్ధతే, చిన్న బ్రాంచిల్లో ఆన్-ఆఫ్ యూనిట్లుంటే నేనైతే దీన్నే ముందు చూస్తాను. పీఐసీవీ చేసిందల్లా అదే డీపీ కంట్రోలర్‌ని చిన్నది చేసి ప్రతి కంట్రోల్ వాల్వు పొట్టలో పెట్టడం. డయాఫ్రమ్, స్ప్రింగ్ కలిసి కంట్రోల్ సీటు మీద పీడనాన్ని ఎప్పుడూ ఒకేలా ఉంచుతాయి, కాబట్టి అథారిటీ దాదాపు 1. దానికి తోడు గరిష్ఠ ప్రవాహాన్ని డయల్ మీద సెట్ చేస్తే పంపుకి దగ్గరున్నా దూరంగా ఉన్నా 545 లీటర్లే పోతాయి.

దాదాపు అని ఊరికే అనలేదు. కొన్ని మోడళ్లలో ప్రవాహాన్ని సెట్ చేసే పని వాల్వు స్ట్రోకునే తగ్గించి చేస్తారు, గరిష్ఠంలో మూడో వంతుకి సెట్ చేస్తే కదలడానికి కొంచెం స్ట్రోకే మిగులుతుంది, మాడ్యులేషన్ నాణ్యత పోతుంది. స్ప్రింగ్‌కి తన సొంత లోపాలూ ఉన్నాయి: పీడనం పెరిగేటప్పుడు వచ్చే ప్రవాహం, తగ్గేటప్పుడు వచ్చే ప్రవాహం ఒకటి కాదు. బ్రిటన్‌లో బిల్డింగ్ సర్వీసుల మీద పరిశోధన చేసే బీఎస్‌ఆర్‌ఐఏ 2012లో పీఐసీవీల కోసం ప్రత్యేక పరీక్షా విధానం తెచ్చిందంటే కేటలాగ్ అంకెలని పోల్చడానికి ఒక ఉమ్మడి కొలబద్ద లేకపోవడం వల్లే. సప్లయర్‌ని ఆ పరీక్ష గ్రాఫులు అడిగితే హిస్టెరిసిస్ ఎంతో కళ్లకి కనిపిస్తుంది.

కచ్చితత్వంలో మాన్యువల్ వాల్వు కూడా అమాయకమైనదేమీ కాదు. మన దగ్గరి యూనిట్‌లో 90 కిలోపాస్కల్స్ తినాలంటే దాని కేవీ సుమారు 0.57 ఉండాలి, 15 ఎంఎం వాల్వు పూర్తి తెరుపు కేవీ 2.5 ఉంటే అది నాలుగో వంతు కన్నా తక్కువ. అంత బిగించాక హ్యాండ్‌వీలులో చిన్న తేడా కూడా ప్రవాహంలో పెద్ద తేడా అవుతుంది, కొలత మీద నమ్మకం తగ్గుతుంది. అయినా దానికి ఒక మేలుంది, మీటర్ పెడితే ప్రవాహం చదవొచ్చు. పీఐసీవీ మీదున్న టెస్ట్ పాయింట్లు చాలా మోడళ్లలో పీడనం పనిచేసే హద్దులో ఉందా లేదా అన్నది మాత్రమే చెబుతాయి, ఎంత నీరు పోతోందో చెప్పవు. దాని కోసం కొన్ని యూనిట్ల దగ్గరైనా, కనీసం ప్రతి బ్రాంచికైనా, విడిగా ఆరిఫిస్ మీటరింగ్ స్టేషన్ పెట్టాలి. ఇది వదిలేస్తే ఎంఎస్ పైపు తుప్పు, వెల్డింగ్ ముక్కలు డయాఫ్రమ్ దారిని మూసేసినా ఎవరికీ తెలియదు. డయల్ మీద 545 అనే ఉంటుంది, గదిలో చల్లదనం ఉండదు. ఫ్లషింగ్ చేసేటప్పుడు యూనిట్‌ని బైపాస్ చేసి మురికి నీళ్లు వాల్వులోంచి పోకుండా చూడటం, స్ట్రైనర్ జాలీలు తీసి కడగటం ఈ వాల్వుకి రెట్టింపు ముఖ్యం.

పీఐసీవీ పెట్టాక కూడా సిరీస్‌లో పాత బ్యాలెన్సింగ్ వాల్వుని ఉంచేసే టెండర్లు ఇంకా కనిపిస్తాయి. అది అనవసరం, పైగా చివరి యూనిట్ దగ్గర పీఐసీవీకి కావాల్సిన పీడనాన్ని అది తినేస్తుంది. ఈ వాల్వు పనిచేయాలంటే మోడల్‌ని బట్టి దాని మీద కనీసం 15 నుంచి 30 కిలోపాస్కల్స్ ఉండాలి. మన లెక్కలో కంట్రోల్ వాల్వుకి 12, బ్యాలెన్సింగ్‌కి 10 కలిపి 22 ఖర్చు పెట్టాం కాబట్టి సరైన మోడల్ తీసుకుంటే పంపు హెడ్ పెంచాల్సిన అవసరం కూడా రాదు.

పంపు సెట్‌పాయింట్ మాత్రం డ్రాయింగ్ నుంచి కాదు, సైట్‌లో తేల్చాలి. ఒకేసారి ఎన్ని యూనిట్లు నడుస్తాయన్న డైవర్సిటీ లెక్కకి తగ్గట్టు వాల్వులు తెరిచి, చివరి యూనిట్ పీఐసీవీ టెస్ట్ పాయింట్ల మీద మానోమీటర్ పెట్టి, పంపు వేగం కొంచెం కొంచెంగా తగ్గిస్తూ రండి. పీడనం ఆ మోడల్ కనీస హద్దుకి వచ్చేదాకా దించి, అక్కడ కాస్త మార్జిన్ వదిలి, ఆ సమయంలో రిమోట్ డీపీ సెన్సర్ చూపించే అంకెని బిల్డింగ్‌ని నడిపే కంప్యూటర్ సిస్టమ్ బీఎంఎస్‌లో సెట్‌పాయింట్‌గా రాసుకోవాలి. ఈ పని చేయకపోతే పీఐసీవీలు అదనపు పీడనాన్ని తమలోనే మింగేసి గదులకి ఏ తేడా తెలియనివ్వవు, పంపు కరెంటు బిల్లు మాత్రం పాత సిస్టమ్‌లాగే వస్తుంది.